ఒకే వేడుక, మూడు క్యాప్షన్లు: గృహప్రవేశం కబురు ఎవరికి ఎలా రాయాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

మాది కోనసీమలో ఒక చిన్న అచ్చు దుకాణం. శుభలేఖలు, ఫ్లెక్సీలు, ఫొటో ఆల్బమ్‌లు మా పని. కొన్నేళ్లుగా దీనికి ఇంకో పని తోడైంది. శుభలేఖల కట్ట చేతికి తీసుకున్నాక, మెట్లు దిగబోతూ ఫోను తీసి, "స్టేటస్‌లో ఏం రాయమంటారు?" అని అడుగుతున్నారు. శుభలేఖ ఎలా రాయాలో మా తాతల కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. ఫోనులో పెట్టే రెండు వాక్యాలకే ఏ పద్ధతీ లేదు.

గత మాఘమాసంలో ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి, స్వగ్రామంలో కట్టుకున్న ఇంటి గృహప్రవేశానికి శుభలేఖలు వేయించుకున్నాడు. క్యాప్షన్ కూడా ముందే రాసిపెట్టమన్నాడు, దానికి కారణం ఉంది, కింద చెబుతాను. పేర్లు, ఊరు తీసేసి ఆయన కబురునే ఇక్కడ ఉదాహరణగా వాడుకుంటున్నాను.

అందరికీ ఒకటే క్యాప్షన్ పంపితే ఏం పోతుంది?

ఆ హైదరాబాదు ఆయన అన్నగారికి ఏం పోయిందో చెబితే సరిపోతుంది. రెండేళ్ల కిందట అన్నగారు ఇల్లు కట్టుకుని, పాలు పొంగుతున్న ఫొటో కింద ఇలా రాశారు: "బ్యాంకువాళ్లు దయతలిస్తే మాదే ఈ ఇల్లు! ఈ రోజు పాలు పొంగించాం. భోజనాలకు మళ్లీ పిలుస్తాం." స్నేహితులకు ఇది బాగా నచ్చింది. ఆ ఊపులో అదే వాక్యాన్ని బంధువుల గ్రూపులోనూ, ఆఫీసు గ్రూపులోనూ పెట్టేశారు.

సాయంత్రానికి మావగారు ఫోను చేశారు. ఇంటి సంగతి అడగలేదు, అప్పు ఎంత అని అడిగారు. పెద్దత్తయ్యగారు ఫోను చేయనే లేదు. "మళ్లీ పిలుస్తాం" అన్నమాటను ఆవిడ "ఈసారి మిమ్మల్ని పిలవలేదు" అని చదువుకున్నారు. నిజానికి ఆవిడకు కబురు వెళ్లింది, కానీ చెప్పినవారు ఆవిడతో కాకుండా కోడలితో చెప్పి ఊరుకున్నారు. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. అయితే తర్వాతి నెలలో జీతం పెంపు మాట వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి "మీకు వాయిదాలు కట్టాల్సిన అవసరం ఉంది కదా" అని నవ్వుతూ అన్నాడు. చెప్పుకోదగ్గ నష్టమేమీ కాదు, కానీ ఆ మాట అన్నగారికి ఇప్పటికీ గుర్తుంది.

వాక్యంలో తప్పు లేదు. అప్పు మాట స్నేహితుడికి హాస్యంగా వినిపిస్తే పిల్లనిచ్చిన మామకు ఆందోళనగానూ, పై అధికారికి సమాచారంగానూ వినిపించింది. తమ్ముడు ముందుగానే మా మెట్లెక్కడానికి ఇదే కారణం.

మరి మూడు వేర్వేరు కబుర్లు కల్పించాలా? అది అబద్ధం కాదా?

కల్పించకూడదు. ఒక మూలవాక్యం ముందు రాసుకోవాలి. అందులో ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడే ఉండాలి. మూడు క్యాప్షన్లలోనూ ఇవి ఒకేలా కనిపించాలి. తమ్ముడి కబురుకు మేం రాసుకున్న మూలవాక్యం ఇది: "గురువారం తెల్లవారుజామున, తాతగారి పెంకుటిల్లు ఉన్న చోటే కట్టిన కొత్త ఇంట్లో గృహప్రవేశం."

బంధువులకు గురువారం అనీ, ఆఫీసుకు శుక్రవారం అనీ రాస్తే ఏదో ఒక రోజు ఇద్దరూ ఒకే పెళ్లిలో కలుస్తారు. మన వైపు ఇది తప్పదు. అమలాపురం బస్టాండులో పది నిమిషాలు నిలబడితే ఆఫీసు మనిషికి బంధువు, బంధువుకు స్నేహితుడు తగులుతారు.

మారేవి కూడా మూడే. ఇల్లు ఎవరిది అని చెబుతున్నాం, పని ఎవరు చేసినట్టు చెబుతున్నాం, చివరన చదివేవారిని ఏం అడుగుతున్నాం. మాటలు మారినా, విషయం మారదు. ఏ విషయం చెప్పకుండా వదిలేస్తున్నామన్నది కూడా మారుతుంది. కానీ వదిలేయడం వేరు, తిప్పి చెప్పడం వేరు.

బంధువులకు ఎలా రాశారు?

ఇలా రాశాం:

"అందరికీ నమస్కారం. తాతగారి పెంకుటిల్లు ఉన్న చోటే కొత్త ఇల్లు లేచింది. గురువారం తెల్లవారుజామున పెద్దల సమక్షంలో గృహప్రవేశం జరిగింది. ఆడపడుచులు పాలు పొంగించారు. ప్రయాణం కుదరక రాలేకపోయిన పెద్దలందరి ఆశీస్సులూ మాకు అందాయి. ఇటు వచ్చినప్పుడు మన ఇంట్లోనే దిగాలి."

మొదట ఆయన రాసుకొచ్చిన కాగితంలో "మేం సొంతంగా ఇల్లు కట్టుకున్నాం" అని ఉంది. అది నిజమే, డబ్బంతా ఆయనదే. అయినా దాన్ని "ఇల్లు లేచింది" అని మార్చాం. తెలుగులో "కట్టాం" అంటే కర్త ముందుకొచ్చి నిలబడతాడు. "లేచింది", "జరిగింది" అంటే కర్త పక్కకు తప్పుకుంటాడు. బంధువుల్లో స్థలం పంచుకున్నవారు ఉంటారు, పునాది నాడు నిలబడి ఇసుక లారీ దింపించిన బాబాయి ఉంటారు. కర్త పక్కకు తప్పుకుంటే ఆ ఖాళీలో వాళ్లందరూ తమను తాము చూసుకుంటారు. "సొంతంగా" అన్న ఒక్క మాట మాత్రం వాళ్లందరినీ బయటికి నెడుతుంది.

ఇక పాలు పొంగించిన వాక్యం. వారి ఇంట్లో ఆ పని ఆడపడుచులది. ఫొటోలో పొయ్యి దగ్గర ఉన్నది కూడా వాళ్లే. ఫొటోలో కనిపించేవారిని క్యాప్షన్‌లో తలచుకోకపోతే, వాళ్లకు ఆ ఫొటో మీద ఉన్న సంతోషం సగం పోతుంది. అలాగని పేర్లు రాయలేదు. ముగ్గురిలో ఇద్దరి పేర్లు రాసి మూడో ఆవిడ పేరు మరిచిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. వరసతో చెబితే అందరూ వచ్చేస్తారు.

"రాలేకపోయిన" అన్న మాటకు మేం పావుగంట పెట్టుకున్నాం. మొదట "రానివారు" అని ఉంది. "రాని" అంటే వాళ్లు రావాలనుకోలేదన్నట్టు. "రాలేకపోయిన" అంటే రావాలనుకున్నారు, కుదరలేదు అని. దాని ముందు "ప్రయాణం కుదరక" అని కారణం కూడా మనమే ఇచ్చేశాం. అలిగి రానివారికి సైతం అది గౌరవంగా తప్పుకునే దారి అవుతుంది.

పెద్దల పేర్లు రాయాలనుకుంటే?

శుభలేఖలో ఎలాగూ ఉంటాయి కాబట్టి క్యాప్షన్‌లో వద్దంటాను. తప్పదనుకుంటే వరస పెద్ద నుంచి చిన్నకు. కాలం చేసినవారి పేరు ముందు కీ.శే. పెట్టాలి. ఈ రెండు అక్షరాలూ మా అచ్చు పనివాళ్లకు పీడకల. పాత క్యాప్షన్‌ను నకలు చేసి పేర్లు మార్చేటప్పుడు అది బతికున్నవారి పేరు ముందు మిగిలిపోతే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. పంపే ముందు ఆ రెండు అక్షరాల కోసమే ఒకసారి విడిగా చదవండి.

"మా ఇల్లు" అనాలా, "మన ఇల్లు" అనాలా?

అసలు కీలకం ఇక్కడే ఉంది, ఎక్కువమంది చూసుకోకుండా దాటేసేదీ ఇదే. "మా" అంటే వినేవాడు బయట ఉన్నాడు. "మన" అంటే వినేవాడు కూడా లోపల ఉన్నాడు. ఇంత చిన్న మాటలో తెలుగు ఈ తేడా చూపిస్తుంది కాబట్టి, తెలుగులో రాసే క్యాప్షన్ ఎవరో ఒకరి పక్షం వహించక తప్పదు.

బంధువులకు "మన ఇల్లు" అనవచ్చు, అనాలి కూడా. ఒక్క మినహాయింపు: ఆ స్థలం మీద పంపకాల మాట ఇంకా తేలకుండా ఉంటే ఆ మాట జోలికి పోవద్దు. "మన ఇల్లు" అన్నది మర్యాదగా కాక ఒప్పుకోలుగా చదివేవారు ఉంటారు. అప్పుడు "మా" అన్నా కష్టమే. "కొత్త ఇల్లు" అని ఊరుకోండి.

సహోద్యోగులకు "మా ఇల్లు". అక్కడ "మన ఇల్లు" అంటే చనువు ఎక్కువైనట్టు ఉంటుంది. ముఖ్యంగా కింద పనిచేసేవారికి అలా రాస్తే, రావాలా వద్దా అని వాళ్లు ఇబ్బంది పడతారు.

స్నేహితులకు రెండూ అక్కర్లేదు. "ఇల్లు కట్టాను" అంటే చాలు. వాళ్లు ఎలాగూ అడగకుండానే వస్తారు.

ఆఫీసువాళ్లకు ఏం రాశారు?

"గురువారం తెల్లవారుజామున మా స్వగ్రామంలో, తాతగారి ఇల్లు ఉన్న చోటే కట్టుకున్న కొత్త ఇంటి గృహప్రవేశం జరిగింది. నేను సెలవులో ఉన్న నాలుగు రోజులూ నా పని చూసుకున్న మిత్రులకు కృతజ్ఞతలు. సోమవారం పూతరేకులతో వస్తాను."

ఇందులో "ఆశీస్సులు" లేవని గమనించండి. ఆశీస్సు పెద్దవారు చిన్నవారికి ఇచ్చేది. ఆఫీసు గ్రూపులో మీకంటే పదేళ్లు చిన్నవారు ఉంటారు. వాళ్లను ఆశీర్వదించమని అడిగితే వాళ్లు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకోవడం తప్ప ఏం చేయగలరు? శుభాకాంక్షలు కూడా అడిగి తీసుకునేవి కావు. అందుకే ఈ క్యాప్షన్ ఎవరినీ ఏమీ అడగదు. బదులుగా ఒక మాట ఇస్తుంది, కృతజ్ఞత చెబుతుంది. సెలవులో ఉన్నప్పుడు పనిమోసిన మనిషికి గోమాత ఫొటో కంటే ఆ ఒక్క వాక్యం ఎక్కువ.

వదిలేసినవి: అప్పు, ఖర్చు, ఎన్ని చదరపు అడుగులు, ఎన్ని గదులు. ఇంకా సొంత ఇల్లు లేనివారు, బదిలీల మీద తిరుగుతున్నవారు అదే గ్రూపులో చదువుతారు. పై అధికారి కూడా చదువుతాడు. ఫొటో కూడా మార్చాం. బంధువులకు పాలు పొంగే ఫొటో వెళ్లింది, ఆఫీసుకు మామిడి తోరణం కట్టిన గుమ్మం ముందు భార్యాభర్తలు నిలబడిన ఫొటో. ఇంటి ఆడవాళ్లు పొయ్యి దగ్గర ఉన్న ఫొటో ముక్కూమొహం తెలియని యాభై మంది చూడటం వాళ్లకు ఇష్టమో కాదో ముందు వాళ్లనే అడగాలి. ఈయన అడిగాడు, వాళ్లు వద్దన్నారు.

తెలుగు రాని సహోద్యోగులు ఉంటే వాళ్ల కోసం ఇంగ్లీషులో రెండు వాక్యాలు విడిగా రాసుకోండి. బంధువుల క్యాప్షన్‌ను ఇంగ్లీషులోకి దించవద్దు, "మన ఇంట్లోనే దిగాలి" అన్నది అక్కడ హోటలు ప్రకటనలా తేలుతుంది.

పూతరేకుల గురించి ఒక పక్కమాట. ఆత్రేయపురం నుంచి తెస్తానని మాటిచ్చేముందు గ్రూపులో ఎంతమంది ఉన్నారో లెక్క చూసుకోండి. రాత్రంతా బస్సులో కుదుపులు తిన్నాక సగం పొడిగానే దిగుతాయి. తాపేశ్వరం కాజా అయితే కుదుపులకు తట్టుకుంటుంది.

దగ్గరి స్నేహితులకు?

"ఏ పెరట్లో జామకాయలు కోసి తన్నులు తిన్నామో ఆ పెరటి పక్కనే ఇల్లు కట్టాను. గురువారం తెల్లవారుజామున పాలు పొంగాయి, సగం పొయ్యి మీదే. అరుగు మీద మీ చాప అలాగే ఉంది. ఎప్పుడొస్తారో చెప్పండి, చెప్పకపోయినా సరే."

తాతగారి పెంకుటిల్లు ఈ వాక్యంలో పేరుపెట్టి లేదు, అరుగు రూపంలో వచ్చింది. ఆ పాత ఇంటి అరుగు కూలగొట్టకుండా కొత్త ఇంటికి కలిపేశారు. ఆ అరుగు ఏమిటో నలుగురికే తెలుసు. ఆ నలుగురూ తాతగారి ఇల్లు వేరే చెప్పకుండానే చూస్తారు.

లోపలి జోకు ఒకటి చాలు. రెండోది పెడితే మొదటిది పలచబడుతుంది. మూడోది పెడితే, గ్రూపులో ఆ జోకు తెలియని ఐదోవాడు ఎవరో ఒకరు తాను బయటివాణ్నని అనుకుంటాడు. జోకు ఎప్పుడూ మీ మీదే ఉండాలి, భార్య వంట మీదో, మావగారి పిసినారితనం మీదో కాదు. అప్పు గురించి జోకు స్నేహితులకు సరిపోతుంది కదా అని ఆయన అడిగాడు. సరిపోతుంది, కానీ అది నోటితో చెప్పుకునేది. రాసిన మాట ఇంకొకరి ఫోనులోకి నడిచి వెళ్తుంది.

రాసింది సరిగ్గా ఉందో లేదో పంపకముందే తెలుసుకోవడం ఎలా?

నేను చేసే పరీక్ష ఒకటే. ప్రతి క్యాప్షన్‌నూ తప్పు మనిషి చదువుతున్నట్టు ఊహించుకుని పైకి చదవాలి. స్నేహితుల క్యాప్షన్‌ను పెద్దత్తయ్యగారిలా, బంధువుల క్యాప్షన్‌ను మీ మేనేజరులా. చదివినవారికి అది తమ కోసం రాసింది కాదనిపించినా ఫరవాలేదు. తమ నుంచి ఏదో దాచారనో, తమను కించపరిచారనో అనిపిస్తే మాత్రం మార్చాలి. అన్నగారి క్యాప్షన్ ఈ పరీక్షలో మావగారి దగ్గరే పడిపోయేది. జామకాయల క్యాప్షన్ నిలబడింది. పెద్దత్తయ్యగారు చదివినా, "చిన్నప్పుడు తన్నింది మీ తాతే" అంటారంతే.

ముందు ఎవరికి పంపాలి?

పంపడం కంటే ముందు పిలవడం ఉంది. పిలుపు అందనివారికి క్యాప్షన్ ఎంత బాగా రాసినా అది గాయం మీద ఉప్పే. దగ్గరి బంధువులను మనిషి వెళ్లి పిలవాలి, దూరంవారికి ఫోను. కోడలితోనో మనవడితోనో చెప్పి సరిపెట్టకుండా పెద్దవారిని లైనులోకి పిలిచి చెప్పాలి. అన్నగారి ఇంట్లో జరిగిన పొరపాటు అక్కడే కదా.

ముహూర్తం అయ్యాక ఆ రోజు మధ్యాహ్నం వరకూ ఎక్కడా ఏమీ పెట్టొద్దన్నాను. వచ్చినవారు భోజనాలు చేసి వెళ్లాలి, రానివారికి ఇంటివారు నాలుగు ఫోన్లు చేయాలి. ఆ తర్వాత బంధువుల గ్రూపు, సాయంత్రం స్నేహితులు, ఆఫీసు మర్నాడు. అత్తగారి తోబుట్టువులు తమకంటే ముందు ఆఫీసువాళ్లు చూశారని తెలుసుకుంటే ఆ మాట పదేళ్లు నడుస్తుంది.

మన ఊళ్లలో దాదాపు ప్రతి వీధికీ గల్ఫులో ఒకరుంటారు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర ముహూర్తమైతే అక్కడ రాత్రి రెండు గంటలు. అప్పుడు వీడియో కాల్ చేసి చూపిస్తామంటే అక్కడున్న మనవాడు మేలుకుని కూర్చుంటాడు. చేస్తామని చేయకపోతే అతనికి క్యాప్షన్‌లో ఏం రాసినా లాభం లేదు.

వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ ఒక్కో క్యాప్షన్ కనిపించేలా చేయడం ఎలా?

గ్రూపులైతే గొడవ లేదు, దేనికి దాన్ని విడిగా పంపడమే. స్టేటస్ పెట్టేటప్పుడు గోప్యత దగ్గర మూడు దారులుంటాయి: ఫోనులో ఉన్న అందరికీ, కొందరిని మినహాయించి, ఎంచుకున్నవారికి మాత్రమే. స్నేహితుల క్యాప్షన్‌కు మూడోది వాడండి. మినహాయించే దారిలో ఒక చిక్కుంది. ఎవరిని తీసేయాలో గుర్తుచేసుకునేటప్పుడు మరిచిపోయినవారు లోపలే మిగిలిపోతారు. ఎంచుకునే దారిలో మరిచిపోయినవారు బయట ఉంటారు, దానివల్ల పరువేమీ పోదు.

ఈ ఎంపిక స్టేటస్ పెట్టకముందే చేయాలి. పెట్టేశాక మార్చితే అది తర్వాతివాటికే వర్తిస్తుంది, అప్పటికే పెట్టినదానికి కాదు. అలాగే మర్నాడు ఇంకేదైనా పెట్టేముందు ఆ ఎంపిక ఎక్కడుందో చూసుకోండి.

గ్రూపు లేకుండా చాలామంది బంధువులకు ఒకేసారి పంపడానికి బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడతారు. మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే అది చేరుతుంది. ఊళ్లో పెద్దవారి ఫోన్లలో చాలా నంబర్లు దాచి ఉండవు, మనవళ్లే చేసిపెట్టాలి. "పంపాను కదా" అని మీరు, "రాలేదు" అని వారు. ఈ తగువు నేను రెండుసార్లు దుకాణంలోనే విన్నాను. అరవై దాటినవారికి విడిగా పంపండి.

బావ ఆఫీసులో కూడా ఉంటే ఏ క్యాప్షన్?

బంధువులదే. చుట్టరికం ఉద్యోగం కంటే ముందు వచ్చింది.

ఎంత పొడవు ఉండాలి?

తెలుగులో ఒక సంగతి ఉంది. కంటికి "గృహప్రవేశం" ఐదు అక్షరాలు. ఫోను లెక్కలో అది పది, ఎందుకంటే గుణింతాలు, ఒత్తులు, సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ మొదటి 125 అక్షరాల చుట్టుపక్కల తెగిపోయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అంటే తెలుగులో పది, పన్నెండు మాటలు కనిపిస్తాయంతే. "పరమేశ్వరుని కృపాకటాక్షములచే" అని మొదలుపెడితే ఇల్లు అన్న మాట రాకముందే గీత పడుతుంది. శుభలేఖ వాక్యం శుభలేఖకే ఉంచి, ఏం జరిగిందన్నది మొదటి వాక్యంలోనే చెప్పండి. బంధువుల గ్రూపులో ఆ తెగే బెడద తక్కువ కాబట్టి అక్కడ నమస్కారంతో మొదలుపెట్టగలిగాం.

పొరపాటున ఒకరిది ఇంకొకరికి వెళ్లిపోతే?

వెంటనే తుడిచేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. తుడిచేస్తే సందేశం తొలగించారన్న గుర్తు అక్కడ మిగులుతుంది, దాన్ని చూసి అందరూ "ఏమిటది?" అని అడుగుతారు. వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల లోపు వాక్యాన్ని సవరించవచ్చు. సవరించినట్టు చిన్న గుర్తు పడుతుంది కానీ దాన్ని ఎవరూ పట్టించుకోరు. పావుగంట దాటిపోతే, పైన చెప్పిన పరీక్షలో నిలబడిన క్యాప్షన్ అయితే అలాగే వదిలేసి, దాని కింద సరైనది పెట్టండి. నిలబడనిది అయితే తుడిచేసి, చదివారనుకున్న ఒకరిద్దరికి ఫోను చేయండి. గ్రూపులో సంజాయిషీ రాస్తే, చదవనివారు కూడా వెతుక్కుని చదువుతారు.

బంధువుల్లో ఒకరింట్లో ఈమధ్యే పోయినవారు ఉంటే?

ఆ ఇంటికి క్యాప్షన్ పంపవద్దు. ఇంటిపెద్ద ఒకరు ఫోను చేసి మామూలు మాటల్లో చెప్పడమే పద్ధతి. గ్రూపులో వాళ్లూ ఉంటారు కాబట్టి అక్కడ పెట్టేదాంట్లో బాణసంచా బొమ్మలు, నాట్యం చేసే బొమ్మలు తగ్గించండి.

ఇంటికి ఇంకా రంగులు వేయలేదు, ఫొటోలో కనిపిస్తుంది. ఏం రాయాలి?

ఏమీ రాయక్కర్లేదు. ముహూర్తం దాటిపోతుందని రంగులు కాకముందే గృహప్రవేశం చేసుకోవడం అందరికీ తెలిసిందే. సంజాయిషీ ఇస్తే, గోడ చూడనివారు కూడా గోడవైపు చూస్తారు. స్నేహితులకు మాత్రం రంగు మీద ఒక జోకు వేయవచ్చు.

క్యాప్షన్ పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

జవాబులు చూడండి. బంధువుల నుంచి చేతులు జోడించిన బొమ్మలే వరసగా వస్తే చూసి దాటేశారని అర్థం. "ఎవరెవరు వచ్చారు?" అన్న ప్రశ్న వస్తే ఎక్కడో పిలుపులో లోటు జరిగింది, ఆ అడిగినవారికి ఆ పూటే ఫోను చేయాలి. "ఎప్పుడు జరిగింది?" అని అడిగితే మూలవాక్యంలో లోపం. ఆఫీసు నుంచి ఒక వరస శుభాకాంక్షలు వచ్చి ఆగిపోతే అది సరిగ్గా కుదిరినట్టే, అక్కడ అంతకంటే ఎక్కువ రాకూడదు.

తమ్ముడి క్యాప్షన్ బంధువుల గ్రూపులో పడిన అరగంటకు పెద్దత్తయ్యగారి జవాబు వచ్చింది. అన్నగారి గృహప్రవేశం నాడు ఫోను చేయని ఆవిడే. ఆయన ఆల్బమ్ కోసం వచ్చినప్పుడు ఫోను తెరిచి నాకు చూపించాడు. మనవడి చేత రాయించారేమో, అక్షరదోషాలు కూడా లేవు: "తప్పకుండా దిగుతాం నాయనా. ఫ్యాన్లు బిగించారా?"